రెప్ప అదురుతుంటే: అలసట, కెఫీన్ లెక్క, డాక్టర్‌కు చూపించాల్సిన గుర్తులు

కన్ను అదురుతోందని అంటాం గానీ, నిజానికి అదిరేది కన్ను కాదు, రెప్ప. అందులోనూ చాలామందికి ఒక కంటి కింది రెప్పే. చర్మం అడుగున ఏదో సన్నగా పాకినట్టు, తీగ మీటి వదిలినట్టు కొన్ని సెకన్లు కొట్టుకుని ఆగిపోతుంది. పది నిమిషాలకో గంటకో మళ్లీ మొదలవుతుంది. ఎదుటివాళ్లందరికీ కనిపిస్తోందేమోనని ఇబ్బందిగా ఉంటుంది. తీరా అద్దం ముందు నిలబడి చూస్తే కదలిక అసలు దొరకదు, లేదా పట్టి పట్టి చూస్తే తప్ప తెలియనంత చిన్నగా ఉంటుంది.

లోపల అంత గట్టిగా తెలిసేది బయటికి అంత తక్కువగా కనిపించడానికి కారణం ఉంది. ఒంటి మీద ఉన్న చర్మంలోకెల్లా పలుచనిది రెప్ప చర్మమే. దాని కింద కొవ్వు పొర లేనట్టే లెక్క. చర్మాన్ని ఆనుకునే కండరం, ఆ వెనక కాస్త దూరంలో కనుగుడ్డు. తొడలోనో భుజంలోనో నాలుగు కండర పోగులు అదిరితే మనకు తెలియకుండానే పోతుంది. రెప్పలో అవే నాలుగు పోగులు అదిరితే వెంటనే తెలిసిపోతుంది.

కంటి చుట్టూ ఉంగరంలా ఉండే ఈ కండరం పేరు ఆర్బిక్యులారిస్ ఆక్యులై. పని ఒక్కటే, కన్ను మూయడం. తెరవడానికి వేరే కండరం, వేరే నాడి ఉన్నాయి. మూసే కండరానికి సంకేతాలు తెచ్చేది మెదడు కాండం నుంచి వచ్చే ఏడో నాడి, అంటే ఫేషియల్ నర్వ్. రెప్పార్పమని ఆ నాడి పూర్తి సంకేతం పంపితే కండరమంతా ఒక్కసారి బిగుసుకుంటుంది, కన్ను మూతపడుతుంది. రెప్ప అదిరినప్పుడు జరిగేది ఇది కాదు. నాడిలోని ఒకటి రెండు కొసలు ఎవరూ అడగకుండానే వాటంతట అవి చిన్న చిన్న సంకేతాలు వదులుతాయి. ఆ కొసల కింద ఉన్న కాసిని పోగులే కదులుతాయి, మిగతా కండరం కదలదు. అందుకే రెప్ప ఎంత అదిరినా కన్ను మూతపడదు, చూపు చెదరదు. వైద్యంలో దీన్ని మయోకిమియా అంటారు.

కన్ను మూతపడదన్న ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తర్వాత చెప్పబోయే తేడాలన్నీ సులభంగా అర్థమవుతాయి. ఎన్ని రోజులుగా అదురుతోందన్న దానికంటే, ఎక్కడ అదురుతోంది, అదిరినప్పుడు ఇంకేం కదులుతోంది అన్నదే ఎక్కువ చెబుతుంది.

అలసట, కాఫీ ఒకదాన్నొకటి ఎలా పెంచుకుంటాయి

రెప్ప అదరడానికి కారణాలు చెప్పమంటే అందరూ చదివే జాబితా ఒకటుంది: నిద్ర చాలకపోవడం, ఒత్తిడి, కెఫీన్, మద్యం, పొగ, కళ్ల శ్రమ, కళ్లు పొడిబారడం. జాబితా సరైనదే. చిక్కేమిటంటే, ఇవి విడివిడిగా రావు. పని ఎక్కువైన వారంలో నిద్ర తగ్గుతుంది, నిద్ర తగ్గితే కాఫీ పెరుగుతుంది, సాయంత్రం తాగిన కాఫీ ఆ రాత్రి నిద్రను ఇంకాస్త చెడగొడుతుంది, రోజంతా స్క్రీన్ చూసిన కళ్లు ఎండిపోతాయి. అందువల్ల ఒక్క కాఫీ మానేసి మూడు రోజుల్లో తగ్గలేదని విసుక్కోవడంలో అర్థం లేదు.

కెఫీన్ చేసే పని ఇది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ పోతుంది, అది తన గ్రాహకాలకు అతుక్కునే కొద్దీ నాడీకణాలు మందగించి నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ఆ గ్రాహకాలను ముందుగానే ఆక్రమిస్తుంది. అలసట ఎక్కడికీ పోదు, అలసిపోయామన్న కబురు మాత్రమే అందదు. నాడీ వ్యవస్థ అలసటతో పాటు ఉద్రేకంతో కూడా ఉంటుంది. రెప్ప అదరడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ పరవాలేదని, గర్భిణులు 200 దాటకూడదని సాధారణంగా చెప్పే పరిమితి. 240 మి.లీ. కప్పు బ్రూ చేసిన కాఫీలో సుమారు 95, అదే కొలత టీలో సుమారు 45, 250 మి.లీ. ఎనర్జీ డ్రింక్‌లో సుమారు 80 మిల్లీగ్రాములు ఉంటాయి. కాచే తీరును బట్టి ఇవి బాగా మారతాయి. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున 5 గంటలు పడుతుంది. పొగతాగేవాళ్లలో ఇంకా త్వరగా, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలోనూ గర్భిణుల్లోనూ బాగా నెమ్మదిగా తగ్గుతుంది. ఒకే కాఫీ ఇంట్లో ఇద్దరి మీద రెండు రకాలుగా పనిచేయడానికి ఇదీ ఒక కారణం.

ఒక మనిషి ఉదయం 7కి, 10కి, సాయంత్రం 5కి, రాత్రి 9కి ఒక్కో కప్పు కాఫీ, మధ్యాహ్నం 1కి కప్పు టీ తాగుతున్నాడనుకుందాం. మొత్తం 425 మిల్లీగ్రాములు, పరిమితికి కాస్త పైన. చూడ్డానికి మరీ ఘోరమేమీ కాదు. కానీ అర్ధరాత్రి 12కి పడుకునేటప్పుడు ఒంట్లో ఎంత మిగిలిందో చూడాలి. 5 గంటలకు సగం చొప్పున లెక్కేస్తే, 7 గంటల కప్పులో 9, 10 గంటల కప్పులో 14, టీలో 10, సాయంత్రం 5 కప్పులో 36, రాత్రి 9 కప్పులో 63. అంతా కలిపితే 130 పైచిలుకు. అంటే ఆ మనిషి కప్పున్నర కాఫీకి కాస్త తక్కువ తాగి దిండు మీద తల పెడుతున్నట్టే. నిద్ర పట్టవచ్చు. పట్టినా గాఢంగా ఉండదు, పొద్దున్నే మళ్లీ కాఫీ కావాలనిపిస్తుంది.

చివరి రెండు కప్పులు తీసేస్తే రోజు మొత్తం 235కి, అర్ధరాత్రి మిగిలేది 33 దగ్గరికి వస్తుంది. ఉదయం కాఫీ జోలికి వెళ్లనక్కర్లేదు. రెప్ప అదిరేవాళ్లకు అసలు తేడా తెచ్చేది ఎన్ని కప్పులన్న దానికంటే చివరి కప్పు ఎన్నింటికన్నదే.

అయితే రెండింటినీ ఒకేరోజు ఆపడం పొరపాటు. అలవాటైన కెఫీన్ ఒక్కసారిగా తగ్గితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు, మత్తు మొదలవుతాయి. రెండో రోజు చుట్టుపక్కల ముదిరి, వారం వరకు సాగవచ్చు. ఆ తలనొప్పికి వేసుకునే మాత్రల్లో కొన్నింట్లో కెఫీన్ కలిపే ఉంటుంది, చీటీ చదవకపోతే తెలియదు. రాత్రి 9 కప్పును మొదట మానేసి, మూడు నాలుగు రోజులు గడిచాక సాయంత్రం 5 కప్పును సగం చేసి, ఇంకో మూడు నాలుగు రోజులకు దాన్నీ వదిలేయడం తేలిక. ఆ పది రోజులూ పడుకునే వేళ, లేచే వేళ మార్చకుండా, కనీసం 7 గంటలు పక్క మీద ఉండేలా చూసుకోవాలి.

ఏం ఆశించాలి? మొదటి మూడు నాలుగు రోజులు ఏ మార్పూ ఉండకపోవచ్చు. కెఫీన్ తగ్గిన చిరాకులో ఇంకాస్త ఎక్కువైనట్టు కూడా అనిపించవచ్చు. తగ్గడం మొదలయ్యాక ఒక్కసారిగా ఆగిపోదు. అదిరే విడతల మధ్య ఎడం పెరుగుతుంది. గంటకోసారి వచ్చేది పూటకోసారి అవుతుంది, తర్వాత అలసిన సాయంత్రాల్లోనే కనిపిస్తుంది. రోజూ ఎన్నిసార్లు వచ్చిందో ఒక గీత పెట్టుకుంటే ఈ మార్పు తెలుస్తుంది, లేకపోతే వచ్చిన ప్రతిసారీ ఏమీ తగ్గలేదనే అనిపిస్తుంది.

పొడిబారిన కన్ను

కాఫీ తాగనివాళ్లకూ, బాగా నిద్రపోయేవాళ్లకూ రెప్ప అదురుతుంది. అలాంటప్పుడు ముందుగా చూడాల్సింది కంటి తడి. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, కార్నియా, అణువణువూ నాడులతో నిండి ఉంటుంది. దాని మీద తడి ఆరితే ఐదో నాడి మెదడు కాండానికి కబురు పంపుతుంది, అక్కడి నుంచి ఏడో నాడి రెప్పార్పమని కండరానికి చెబుతుంది. కంట్లో దుమ్ము పడబోతే రెప్ప టక్కున మూసుకునేది ఈ దారిలోనే. కన్ను రోజంతా ఎండిపోతూ ఉంటే ఇదే దారి రోజంతా రేగుతూ ఉంటుంది.

మామూలుగా నిమిషానికి 15 సార్ల చుట్టుపక్కల రెప్పారుస్తాం. స్క్రీన్ మీద చూపు నిలిపితే అది సగానికీ అంతకంటే కిందికీ పడిపోతుంది. ఆర్పిన వాటిలోనూ చాలా అరకొరే, పై రెప్ప పూర్తిగా దిగకుండానే లేచిపోతుంది. దాంతో కార్నియా కింది భాగం మీద తడి సరిగా పరుచుకోదు. దీనికి మందు కంటే ముందు చేయదగ్గది, 20 నిమిషాలకోసారి చూపు స్క్రీన్ మీంచి తీసి 20 అడుగుల అవతలి వస్తువు మీద 20 సెకన్లు పెట్టడం. ఆ 20 సెకన్లలో పై రెప్ప కింది రెప్పకు తగిలేలా నిదానంగా నాలుగైదు సార్లు ఆర్పాలి. చాలామంది దూరం చూస్తారు గానీ రెప్పార్పడం మరిచిపోతారు, ఫలితం సగమే వస్తుంది. ఏసీ గాలో ఫ్యాను గాలో నేరుగా ముఖానికి తగులుతుంటే కుర్చీ పక్కకు జరపడం కూడా లెక్కలోకి వస్తుంది.

చుక్కలు వాడాలనుకుంటే కన్నీటికి బదులుగా పనిచేసే లూబ్రికెంట్ చుక్కలే, రోజుకు మూడు నాలుగు సార్లు. అంతకు మించి కావాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివి తీసుకోవాలి, ఎందుకంటే నిల్వ కోసం కలిపే రసాయనమే తరచుగా పడితే కార్నియాను రేపుతుంది. ఎర్రదనం పోగొట్టే చుక్కలు దీనికి పనికిరావు. అవి రక్తనాళాలను కాసేపు ముడుచుకునేలా చేస్తాయి, ప్రభావం తగ్గగానే కన్ను ముందుకంటే ఎర్రబడుతుంది. ఎప్పుడో ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ చుక్కలు వేయడం మరీ ప్రమాదం. కంటి ఒత్తిడి పెరగడం, శుక్లం రావడం దాకా వెళ్లగలదు.

అదిరే రెప్పను వేలితో నొక్కడం, నలపడం చాలామంది చేసే పని. నొక్కినంతసేపు ఆగినట్టే ఉంటుంది, నలిపిన కన్ను రేగి మళ్లీ మొదలవుతుంది. దానికి బదులు గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను మూసిన కళ్ల మీద 5 నుంచి 10 నిమిషాలు వేసుకుంటే హాయిగా ఉంటుంది. రెప్ప అంచున ఉండే గ్రంథుల్లోని నూనె కరిగి, తడి త్వరగా ఆరిపోకుండా కూడా ఉంటుంది. మెగ్నీషియం మాత్రల గురించి అందరూ చెబుతారు. లోపం లేనివాళ్లలో వాటివల్ల రెప్ప అదరడం తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఒంట్లో పేరుకుని ప్రమాదం తెస్తాయి.

ఈ మధ్యే మొదలుపెట్టిన మందు ఏదైనా ఉంటే అదీ గుర్తు చేసుకోవాలి. మైగ్రేన్‌కూ మూర్ఛకూ ఇచ్చే టోపిరామేట్‌తో, కొన్ని మానసిక వ్యాధుల మందులతో రెప్ప అదరడం మొదలైన వాళ్లున్నారు. మందు మొదలైన తేదీ, రెప్ప అదరడం మొదలైన తేదీ పక్కపక్కన రాసి డాక్టర్‌కు చూపించాలి గానీ సొంతంగా ఆపకూడదు. మూర్ఛ మందు ఆపితే వచ్చే ముప్పు ముందు రెప్ప అదరడం అసలు సమస్యే కాదు.

ఒక నిమిషం వీడియో

అద్దంలో చూసుకోవడం కంటే ఫోన్‌తో వీడియో తీసుకోవడం మేలు. ఫోన్‌ను కంటి ఎత్తులో నిలబెట్టి, వెలుగు ముందు నుంచి పడేలా కూర్చుని, ముఖమంతా ఫ్రేములో ఉండేలా చూసుకోవాలి. కన్ను ఒక్కటే దగ్గరగా తీస్తే అసలు కావాల్సింది పోతుంది. అర నిమిషం ముఖం వదులుగా ఉంచాలి. తర్వాత కళ్లు గట్టిగా మూసి పది సార్లు తెరవాలి. తర్వాత నవ్వాలి, పెదాలు ఈల వేస్తున్నట్టు ముందుకు పెట్టాలి.

చూసేటప్పుడు ముందు కన్ను వదిలేసి మూతి చివర చూడాలి. రెప్ప అదిరిన ప్రతిసారీ అదే వైపు చెంపో పెదవి మూలో కూడా చిన్నగా లాగుతుంటే అది మామూలు మయోకిమియా కాకపోవచ్చు. హెమిఫేషియల్ స్పాజమ్ అనే సమస్య సరిగ్గా ఇలాగే, కింది రెప్ప దగ్గరే మొదలవుతుంది. నెలలు, ఏళ్ల మీద చెంపకు, మూతికి, గడ్డానికి పాకుతుంది. మెదడు కాండం నుంచి ఏడో నాడి బయటికి వచ్చే చోట పక్కనున్న రక్తనాళం ఒకటి దాన్ని ఒరుసుకుంటూ ఉండటం ఇందుకు ఎక్కువగా కనిపించే కారణం. ఒక్క కొస కాదు, నాడి మొదలే రేగుతుంది కాబట్టి అది వెళ్లే చోట్లన్నీ కలిసి కదులుతాయి. ఇంకో గమ్మత్తైన గుర్తుంది. గట్టిగా కన్ను మూసినప్పుడు ఎవరికైనా కనుబొమ ఆ వైపుది కిందికి దిగుతుంది. హెమిఫేషియల్ స్పాజమ్‌లో మాత్రం కన్ను మూతపడుతుండగా అదే వైపు కనుబొమ పైకి లేస్తుంది. కావాలని ఎవరూ అలా చేయలేరు. నిద్రలో కూడా ఈ కదలికలు కొనసాగుతాయి కాబట్టి ఇంట్లోవాళ్లను ఒకసారి చూడమనవచ్చు. ఇక్కడ కాఫీ మానడంతో ఒరిగేదేమీ లేదు, న్యూరాలజిస్ట్ ఎంఆర్ఐ తీయిస్తారు.

రెండోది, రెండు కళ్లూ కలిసి మూతపడటం. అదరడంలా కాక రెప్పలు గట్టిగా బిగుసుకుపోయి తెరవడం కష్టమవుతుంది. ఎండలోకి వెళ్తే ఎక్కువవుతుంది. బండి నడుపుతుండగా కళ్లు మూతపడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. దీన్ని బ్లెఫరోస్పాజమ్ అంటారు. 50 దాటిన వాళ్లలో, మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. మొదట్లో ఊరికే రెప్పలు ఎక్కువగా కొట్టుకుంటున్నట్టు, కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటుంది కాబట్టి కొన్నాళ్లు చుక్కలతోనే కాలం గడిచిపోతుంది. కణతల దగ్గర వేలు ఆనించినా, ఏదైనా పాట కూనిరాగం తీసినా కాసేపు తగ్గుతోందని కొందరు చెబుతారు. అది నాటకం కాదు, ఈ జబ్బు లక్షణమే. హెమిఫేషియల్ స్పాజమ్‌కూ దీనికీ బొటులినం టాక్సిన్, అంటే బొటాక్స్‌గా తెలిసిన మందు, సూదిగా ఇస్తే బాగా పనిచేస్తుంది. అమెరికాలో 1989లో ఈ మందుకు మొదటి అనుమతి వచ్చింది ముడతల కోసం కాదు, బ్లెఫరోస్పాజమ్‌కూ మెల్లకన్నుకూ. ప్రభావం దాదాపు మూడు నెలలుంటుంది, తర్వాత మళ్లీ వేయించుకోవాలి. కొద్దిరోజులు పై రెప్ప వాలడం, కన్ను పొడిబారడం జరగవచ్చు.

మూడోది అరుదు. ముఖంలో ఒక వైపంతా చర్మం కింద అలలు పాకుతున్నట్టు ఆగకుండా కదలడం. మెదడు కాండంలో వాపో గడ్డో ఉన్నప్పుడు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీ వ్యవస్థ జబ్బులో ఇలా వస్తుంది కాబట్టి ఆలస్యం చేయకుండా పరీక్షలు చేయించాలి.

మరి ఒక్క కింది రెప్పే అదురుతూ, ఇంకేమీ లేకపోతే ఎన్నాళ్లు ఆగవచ్చు? కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాలు మామూలు. అంతకు మించితే ఒకసారి కళ్ల డాక్టర్‌కు చూపించడం మంచిది. అయినా కంగారు పడనక్కర్లేదు, నెలల తరబడి రెప్ప దగ్గరే ఉండిపోయి చివరికి తగ్గిపోయేవే ఎక్కువ. వారాలతో పనిలేకుండా ముందే వెళ్లాల్సినవి వేరే ఉన్నాయి: కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుగు చూడలేకపోవడం, చూపు మసకబారడం, పుసి కారడం. ఇవి కార్నియా దెబ్బతిన్నదనో కంటిలోపల వాపు ఉందనో చెప్పే గుర్తులు. రెప్ప అదరడం అక్కడ పక్క వాయిద్యమే.

గంటల్లో తేలాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. ఉన్నట్టుండి మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక వైపు చెయ్యో కాలో పట్టు తప్పడం కనిపిస్తే అది పక్షవాతం కావచ్చు, నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి. పై రెప్ప ఒక్కసారిగా వాలిపోయి, ఒకటి రెండుగా కనిపిస్తూ, తలనొప్పితో పాటు ఆ కంటి పాప పెద్దదై ఉన్నా అంతే. అక్కడ దెబ్బతిన్నది కన్ను తెరిచే మూడో నాడి. మెదడు రక్తనాళం ఉబ్బి దాన్ని నొక్కుతుండవచ్చు.

మామూలు రెప్పకు మాత్రం ఒక చిత్రమైన అలవాటుంది: డాక్టర్ ముందు కూర్చోగానే అదరడం మానేస్తుంది. అందుకే ఆ నిమిషం వీడియో, రోజువారీ గీతలు, చివరి కాఫీ వేళ, వాడుతున్న మందుల పేర్లు ఫోన్‌లో ఉంచుకుని వెళ్తే పని త్వరగా అవుతుంది.